మిగతా పదిహేడున్నర ఎవరిచ్చారమ్మా?

(అనంతపురంలో చిన్న పరిశ్రమల వాళ్ళ సమావేశంలో చేసిన ప్రసంగం)

వేదిక మీద పెద్దలకు, ముందు వరసలో కూర్చున్న మా అక్కలకు, వెనక నిలబడ్డ కాలేజీ పిల్లలకు నమస్కారం. పేర్లన్నీ చెబితే నాకిచ్చిన ఇరవై నిమిషాల్లో ఐదు అక్కడే పోతాయి. ఏమనుకోకండి.

నన్ను పిలిచింది పెట్టుబడి ఎలా తెచ్చుకోవాలో చెప్పమని. అది చెప్పేవాళ్ళు ఊరికి పదిమంది ఉన్నారు. తెచ్చుకున్న డబ్బు ఏమైందని ఇచ్చిన మనిషి అడిగితే ఏం రాయాలో ఎవరూ చెప్పరు. నాకూ ఎవరూ చెప్పలేదు. అందుకే ఈరోజు నేను రాసిన రెండు ఉత్తరాల సంగతి చెబుతాను. మొదటిది పనికిరానిది, రెండోది పనికొచ్చింది.

మాది గానుగ నూనె. వేరుశనగ ఒక్కటే. మనూళ్ళో బుడ్డలంటాం కదా, ఆ బుడ్డల నూనె. 2024 మే నెలలో ఒక పెద్దాయన మా కంపెనీలో 40 లక్షలు పెట్టారు. బ్యాంకులో మేనేజరుగా చేసి రిటైరయ్యారు. మా పక్క ఊరే, ఇప్పుడు బెంగళూరులో ఉంటున్నారు. డబ్బు ఖాతాలో పడ్డ రోజే నేను గానుగలకు అడ్వాన్సు పంపబోయాను. మా సీఏ ఫోన్లోనే కేకేసింది. షేర్ల కోసం ఇలా తీసుకున్న డబ్బును విడిగా ఒక ఖాతాలో ఉంచాలి, షేర్లు కేటాయించి, ఆ సంగతి తెలిపే పాస్-3 అనే ఫారం దాఖలు చేసేదాకా ముట్టుకోకూడదు అంది. కంపెనీల చట్టం 42వ సెక్షను. డబ్బు వచ్చిన 60 రోజుల్లో షేర్లు ఇవ్వాలి. ఇవ్వకపోతే ఆ తర్వాత 15 రోజుల్లో తిరిగిచ్చెయ్యాలి, అదీ చెయ్యకపోతే 12 శాతం వడ్డీ. ఆ అమ్మాయి ఆపకపోయుంటే నా ఉత్తరం మొదటి వాక్యంలోనే తప్పు ఒప్పుకోవాల్సి వచ్చేది.

సరే, పది నెలలు గడిచాయి. ఫిబ్రవరి ఆఖర్న ఆయన ఫోన్ చేసి, "అమ్మా, ఒక పేజీలో లెక్క రాసి పంపు" అన్నారు. నేను ఉత్సాహంగా రాత్రంతా కూర్చుని బ్యాంకు స్టేట్‌మెంటు ముందు పెట్టుకుని, బయటికి వెళ్ళిన ప్రతి రూపాయీ రాశాను. గానుగలు ఇంత, వేరుశనగ పప్పు ఇంత, సీసాలు ఇంత, జీతాలు ఇంత. కింద మొత్తం వేస్తే 57 లక్షల 50 వేలు వచ్చింది. అంత వివరంగా రాసినందుకు మెచ్చుకుంటారనుకున్నాను.

పొద్దున్నే ఫోన్. "ఏంమ్మా, నేనిచ్చింది నలభై. నువ్వు యాభై ఏడున్నర ఖర్చు పెట్టావు. మిగతా పదిహేడున్నర ఎవరిచ్చారమ్మా?"

"నూనె అమ్మిన డబ్బు సార్" అన్నాను.

"మరి ఆ డబ్బు లెక్క ఏది? బ్యాంకులో ఎంత మిగిలిందో అదీ లేదే?"

నాకు నోరు పెగల్లేదు. మీరు నవ్వుతున్నారు గానీ, మీలో ఎంతమంది ఉత్తరాల్లో ఖర్చుల జాబితా తప్ప ఇంకేదన్నా ఉంది? ఒకసారి చేతులెత్తండి. ...ఇద్దరు. సరే.

నా తప్పు ఎక్కడుందో చెబుతాను. ఆయన డబ్బు, కొనేవాళ్ళ డబ్బు ఒకే ఖాతాలో కలిసిపోయాయి. నవంబరులో పప్పు కొన్నది ఆయన నోటుతోనా, అక్టోబరులో అమ్మిన నూనె నోటుతోనా అంటే ఎవరు చెప్పగలరు? నీళ్ళలో పాలు విడదియ్యడం హంసకు వచ్చేమో గానీ నాకు రాదు. కాబట్టి ఖర్చులన్నీ ఏకరువు పెడితే ఆయన డబ్బు లెక్క తేలదు. ముందు మొత్తం డబ్బు కదలిక చూపించాలి. ఆయన దగ్గర 40 లక్షలు, కొనేవాళ్ళ దగ్గర 19 లక్షల 90 వేలు, మొత్తం వచ్చింది 59 లక్షల 90 వేలు. బయటికి వెళ్ళింది 57 లక్షల 50 వేలు. బ్యాంకులో ఉన్నది 2 లక్షల 40 వేలు. ఈ చివరి అంకె స్టేట్‌మెంటులో చివరి అంకెతో రూపాయి తేడా లేకుండా కలవాలి. కలవకపోతే ఉత్తరం పంపకండి. ముందు ఆ తేడా వెతకండి.

ఆ తర్వాతే అసలు ప్రశ్న. ఆ నలభై ఇప్పుడు ఏ రూపంలో ఉంది? రెండో ఉత్తరంలో ఈ ముక్క చదువుతాను. చిన్నదే.

"సార్, మీ 40 లక్షలు ఫిబ్రవరి 28 నాటికి ఇలా ఉన్నాయి. వస్తువులైనవి: గానుగలు, వడపోత యంత్రం, సీసాలు నింపే యంత్రం, కరెంటు పనులు కలిపి 14 లక్షల 20 వేలు. ఇరుక్కున్నవి: పప్పు, నూనె నిల్వ 9 లక్షల 60 వేలు, మాకు రావలసిన బాకీలు 5 లక్షల 30 వేలు, జీఎస్టీ క్రెడిట్ 1 లక్షా 90 వేలు, అద్దె, కరెంటు డిపాజిట్లు 1 లక్షా 50 వేలు. పోయినవి: పది నెలల నష్టం 5 లక్షల 10 వేలు. మిగిలినవి: బ్యాంకులో 2 లక్షల 40 వేలు."

కలిపి చూసుకోండి, నలభై వస్తుంది. పాత ఉత్తరంలో జీతాలు, అద్దె, కరెంటు, రవాణా అన్నీ కలిపి 13 లక్షల 50 వేలు అని రాశాను. అది చూసి ఆయన డబ్బులో మూడో వంతు గాలికి పోయిందనుకున్నారు. కానీ అందులో 8 లక్షల 40 వేలు నూనె మీద మిగిలిన లాభమే మోసింది. ఆయన డబ్బులో నుంచి పోయింది 5 లక్షల 10 వేలే. ఖర్చు వేరు, పోయింది వేరు. ఇది నాకు ముప్పై ఏడేళ్ళకు తెలిసింది.

ఇరుక్కున్న డబ్బు దగ్గర కాస్త ఆగుతాను. పెట్టుబడి పెట్టినవాళ్ళకు ఎక్కువ అనుమానం వచ్చేది అక్కడే, మనం ఎక్కువ దాచేదీ అక్కడే.

జీఎస్టీ సంగతి చూడండి. గానుగ మీద 18 శాతం కట్టాను. సీసాల మీద 18. నూనె మీద వసూలు చేసేది 5 శాతమే. కట్టింది ఎక్కువ, వసూలైంది తక్కువ కాబట్టి క్రెడిట్ పేరుకుంటుంది. వేరే సరుకైతే ఇలాంటి తేడాలో కొంత వాపసు అడగొచ్చు. వంటనూనెలకు 2022 జూలై 18 నుంచి ఆ వాపసు ఆపేశారు. ఆ 1 లక్షా 90 వేలు పోర్టల్లో కనబడుతుంది, జీతమివ్వడానికి పనికిరాదు. ముందు ముందు అమ్మే నూనె మీద పన్నుకు మెల్లగా కరగాలి. దాన్ని నగదులో కలిపి చూపిస్తే అబద్ధమే.

పప్పు సంగతి మీకు చెప్పక్కర్లేదు. ఖరీఫ్ పంట వచ్చేప్పుడు కొనకపోతే ఎండాకాలంలో దళారి చెప్పిందే ధర. అందుకని డిసెంబరుకల్లా నాలుగు నెలల పప్పు కొని పెట్టాను. నిల్వంటే భయం తేమ. 8 శాతం దాటితే బూజు పడుతుంది. కొన్ని బస్తాలు నేను తేమ మీటరు పెట్టకుండా, చేత్తో నలిపి చూసి దింపుకున్నాను. జనవరిలో విప్పితే పచ్చటి బూజు. ఆ బూజు పప్పులో విషం పుట్టిస్తుంది. రిఫైన్ చేసే మిల్లుల్లో క్షారంతో శుద్ధి చేసేప్పుడు ఆ విషం చాలావరకు పోతుంది. మేం ఆడించి వడకట్టడమే, కొంత నూనెలోకి వచ్చేస్తుంది. 40 వేల రూపాయల పప్పు పారేశాం. మా ఆయన, "నిల్వలోనే ఉందని రాసెయ్, ఎవరు చూస్తారు" అన్నాడు. రాయలేదు. నష్టం 5 లక్షల 10 వేలలో అది ఉందని, తప్పు నాదని రాశాను.

ఇక బాకీలు. ఇక్కడ నాకు కడుపు మంట ఉంది, కాసేపు ఓర్చుకోండి. ఆ 5 లక్షల 30 వేలలో 3 లక్షల 80 వేలు ఒకే సూపర్ మార్కెట్ గొలుసుది. పేరు చెప్పను. వాళ్ళ ఒప్పందంలో 75 రోజులకు చెల్లిస్తామని అచ్చేసి ఉంది. సంతకం పెట్టాను, ఇంత పెద్ద కొట్టు దొరికిందన్న సంబరంలో. తొంభయ్యో రోజున డబ్బు బదులు ఒక డెబిట్ నోటు వచ్చింది. అలమారాలో ముందు వరసలో పెట్టినందుకు ఇంత, కారిన సీసాలకు ఇంత, మొత్తం 62 వేలు కోత. కారిన సీసా ఒక్కటి చూపించమంటే చూపించరు.

అక్కలూ, ఇది రాసుకోండి. మీది చిన్న తయారీ యూనిట్ అయ్యి, ఉద్యం రిజిస్ట్రేషన్ ఉంటే, ఒప్పందంలో ఎన్ని రోజులు రాసుకున్నా 45 రోజులు దాటడానికి వీల్లేదు. ఎంఎస్ఎంఈ చట్టం 15వ సెక్షను. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే 'బ్యాంకు రేటు'కు మూడింతల చక్రవడ్డీ. పైగా, గడువు దాటి కట్టకుండా ఉంచిన ఆ బాకీని ఆ ఏడాది ఆదాయపన్నులో ఖర్చుగా చూపుకోవడం కొనేవాళ్ళకు కుదరదు. కట్టిన ఏడాదే చూపుకోవాలి. మీ బిల్లు మీద ఉద్యం నంబరు అచ్చేసుకున్నారా? నా మొదటి బిల్లుల మీద లేదు. ఇప్పుడుంది.

ఉత్తరంలో ఏం రాశానంటే, బాకీలు 5 లక్షల 30 వేలు, అందులో 62 వేలు రాకపోవచ్చు, 3 లక్షల 80 వేలు గడువు దాటింది అని. నెల ఖర్చు 1 లక్షా 35 వేలు కాబట్టి, ఏమీ వసూలు కాకపోతే, ఏమీ అమ్ముడుపోకపోతే బ్యాంకులో ఉన్నది రెండు నెలలకు కూడా చాలదని కూడా రాశాను. ఈ వాక్యం మూడుసార్లు కొట్టేసి మూడుసార్లు రాశాను.

ఇంకొక్కటి మరిచాను. డబ్బు అడిగినప్పుడు యంత్రాలకు 12 లక్షలు, ప్రచారానికి 6 లక్షలు అని చెప్పాను. యంత్రాలకు 14 లక్షల 20 వేలైంది. షెడ్డులో త్రీ ఫేజ్ లైను లేదు. అది లెక్క వేసుకోలేదు. ప్రచారానికి లక్ష కూడా పెట్టలేదు. చెప్పిందానికీ చేసిందానికీ ఉన్న తేడాను పక్కపక్కన రెండు అంకెలతో, ఒక్కో వాక్యం కారణంతో రాశాను. మూడో వాక్యం రాస్తే సంజాయిషీలా ఉంటుంది.

ఉత్తరం పంపిన మర్నాడు ఆయన ఫోన్ చేశారు. మళ్ళీ డబ్బు పెడతారనో, తిడతారనో అనుకున్నాను. రెండూ కాదు. "ఆ సూపర్ మార్కెట్ బిల్లులు, డెబిట్ నోటు స్కాన్ చేసి పంపు. నోటీసు నేను రాస్తాను. ముప్పై ఏళ్ళు అప్పులు వసూలు చేసిన చెయ్యి ఇది" అన్నారు. నోటీసు వెళ్ళిన పద్దెనిమిది రోజులకు 3 లక్షల 18 వేలు వచ్చింది. ఆ 62 వేలు ఇంకా రాలేదు. ఫిర్యాదు వేశాం, తేదీ ఇచ్చారు.

టీ వాసన వస్తోంది, మీ చూపులు అటే ఉన్నాయి. ప్రశ్నలుంటే అక్కడ అడగండి. తేమ మీటరు ఎక్కడ కొన్నానో మాత్రం అందరికీ చెబుతాను.