నిమ్మరసం పూసుకుని ఎండలోకి వెళ్తే

అందరికీ నమస్కారం.

"తినే వస్తువే కదా, మొహానికి పూస్తే ఏమవుతుంది డాక్టర్?" చర్మవైద్యులకు ఈ ప్రశ్న కొత్త కాదు. నిమ్మరసం పడే కడుపులో ముందే ఆమ్లం ఉంది, దాన్ని తట్టుకునే ఏర్పాటూ ఉంది. మొహానికి అది లేదు.

ఒక అమ్మాయి సంగతి తీసుకుందాం. మొటిమలు తగ్గాయి, మచ్చలు మిగిలాయి. ఉదయం నిమ్మచెక్కతో బుగ్గలు రుద్దుకుని, పైపైన కడుక్కుని, మధ్యాహ్నం ఎండలో బయటికి వెళ్లింది. ఆ రోజు ఏమీ లేదు. మర్నాడు మంట మొదలైంది. రెండో రోజుకి చర్మం ఎర్రబడి, చిన్న బొబ్బలు లేచాయి. వారం తిరిగేసరికి అక్కడ గోధుమరంగు చారలు పడ్డాయి, పాత మచ్చలకంటే ముదురుగా.

ఆమె మొదట భోజనాన్ని అనుమానించింది. కానీ చారల ఆకారమే అసలు విషయం చెప్పేసింది. రసం బుగ్గ మీంచి మెడకి కారిన దారిలోనే అవి ఉన్నాయి. చెక్క పట్టుకున్న వేళ్ల మీద కూడా ఉన్నాయి. మామూలు అలర్జీ ఇలా గీత గీసినట్టు రావడం అరుదు.

నిమ్మజాతి పండ్లలో, ముఖ్యంగా తొక్కలో, ఫ్యూరోకూమరిన్లు అనే పదార్థాలుంటాయి. ఇవి చర్మం మీద ఉండగా ఎండలోని యూవీఏ కిరణాలు తగిలితే చర్మకణాలు దెబ్బతింటాయి. అంటే రసం ఒక్కటే కాదు, ఎండ కూడా తోడవ్వాలి. ఒకటి రెండు రోజులు ఆలస్యంగా బయటపడుతుంది కాబట్టే చాలామంది నిమ్మకాయని అనుమానించరు. ఆ నలుపు వారాలు, ఒక్కోసారి నెలలు ఉంటుంది.

"మరి విటమిన్ సి?" అంటారు. వంద మిల్లీలీటర్ల నిమ్మరసంలో అది సుమారు 40 నుంచి 50 మిల్లీగ్రాములే. సిట్రిక్ ఆమ్లం మాత్రం 5 గ్రాముల దాకా ఉంటుంది. మనం పూసేది దాదాపుగా ఆమ్లమే.

కొందరు మొహానికి రుద్దే వంటసోడాది దీనికి ఎదురు కథ. చర్మం పీహెచ్ సుమారు 5, అంటే కొంచెం ఆమ్లగుణం. సోడా 8 దాటుతుంది, అంటే క్షారగుణం. రోజూ రుద్దితే పైపొర బలహీనపడి, చర్మం పొడిబారి మండుతుంది. రెండూ కలిపితే సరిపోతుందనేవాళ్లూ ఉన్నారు! నురుగు రావడం తప్ప, ఏది ఎంత మిగిలిందో ఎవరు కొలిచారు?

మొటిమ మీద కొందరు పూసే టూత్‌పేస్ట్ పళ్ల కోసం చేసింది. అందులోని నురుగుపదార్థం, పుదీనా ఘాటు మొటిమని ఎండగట్టినట్టు అనిపించినా, చుట్టూ చర్మాన్ని రేపుతాయి. మొటిమకి 2.5 శాతం బెంజాయిల్ పెరాక్సైడ్ అనే పూతమందు ఉంది, పలుచగా రాయడంతో మొదలుపెట్టండి. గుడ్డలకి తగిలితే రంగు పోతుంది, జాగ్రత్త.

నిమ్మరసం ఇప్పటికే పూసుకుని ఉంటే సబ్బు, నీళ్లతో బాగా కడిగి, రెండు మూడు రోజులు ఎండకి దూరంగా ఉండండి. మంటగా ఉంటే చల్లని తడిగుడ్డ వేయండి. బొబ్బలొస్తే చిదమకుండా చర్మవైద్యులకి చూపించండి. వచ్చేటప్పుడు ఏం పూశారో, ఎప్పుడు ఎండలోకి వెళ్లారో దాచకుండా చెప్పండి. మేం మొదట అడిగేది అదే.