ఆస్పత్రి బిల్లు: లెక్క ఎక్కడ తప్పింది?

యాంకర్: నమస్కారం. లైన్లో ఒక శ్రోత ఉన్నారు. చెప్పండి మేడం.

కాలర్: నమస్తే అండి. మా అత్తయ్యకు ఆపరేషన్ అయింది, నాలుగు రోజులు ఆస్పత్రిలో ఉంచారు. ఐటమ్ వారీ బిల్లును ఫోన్లో ఫొటోలు తీసుకుని, ఇంటికొచ్చాక ఒక్కో లైను షీట్లో ఎక్కించాను. బిల్లు మీద మొత్తం 73,800 ఉంది. నాకేమో 77,500 వస్తోంది. మూడుసార్లు కూడాను.

సలహాదారు: తేడా 3,700. దాన్ని సగం చేస్తే 1,850. ఆ 1,850 బిల్లులో ఎక్కడైనా ఉందా, చూడండి.

కాలర్: ఒక్క నిమిషం... ఉందండి. మందుల పేజీ చివర, ‘రిటర్న్’ అని.

సలహాదారు: వాడకుండా వెనక్కిచ్చిన మందులన్నమాట. తీసేయాల్సిన డబ్బును మీరు కలిపారు. అలా జరిగితే తేడా ఎప్పుడూ ఆ అంకెకు రెట్టింపు వస్తుంది, అందుకే సగం చేయమన్నాను. ఫొటోను పెద్దది చేసి చూడండి, అంకె ముందు చిన్న గీత ఉండాలి.

కాలర్: అవునండి, సన్నగా ఉంది. కాగితం మడత సరిగ్గా అక్కడే పడింది.

సలహాదారు: ఫొటోలో మొదట పోయేవి ఇలాంటి చిన్న గుర్తులే. 1, 7 కూడా తారుమారవుతాయి. అందుకని మొత్తం ఒక్కటే ఎక్కించకుండా సంఖ్య, రేటు కూడా రాయండి. ఎనిమిది విజిట్లు, ఒక్కోటి 600, మొత్తం 4,800 అని ఉంటే గుణించి చూసుకోవచ్చు. కుదరకపోతే ఏదో ఒక అంకె తప్పు చదివినట్టే. పేజీ కింద వచ్చే ఉపమొత్తాలను మాత్రం లైనుగా ఎక్కించకండి, రెండుసార్లు పడతాయి.

కాలర్: సరేనండి. అసలు సందేహం ఇంకోటుంది. పాలసీలో మా వాటా 10 శాతం అన్నారు. 73,800కి 7,380 అవుతుంది. అడ్వాన్సు 10,000 కట్టాం కదా, మిగిలింది వెనక్కి రావాలి. వాళ్ళేమో ఇంకో 3,590 కట్టమన్నారు.

సలహాదారు: ఇన్సూరెన్స్ వాళ్ళ లేఖ చేతిలో ఉందా? దేనికి ఎంత ఇస్తారో బిల్లులో ఉండదు, లేఖలోనే ఉంటుంది.

కాలర్: ఉందండి. ఆమోదించింది 60,210. గదిలో 2,000, రిజిస్ట్రేషన్, భోజనం కలిపి 1,700, మందుల్లో 3,200 కోత వేశారు. మందులకు ఎందుకు కోశారో అర్థం కావడం లేదు.

సలహాదారు: మందుల శీర్షిక కింద గ్లోవ్స్, మాస్కుల్లాంటివి ఉన్నాయా?

కాలర్: చాలా ఉన్నాయి.

సలహాదారు: అదే సంగతి. ఆస్పత్రి వాటిని ఫార్మసీలో అమ్మింది కాబట్టి మందుల కింద వేసింది. మీ పాలసీ వాటికి డబ్బివ్వదు. అందుకే శీర్షిక చూసి విభజించకూడదు, లైను చూసి విభజించాలి. షీట్లో ఇంకో నిలువు గడి పెట్టి, ప్రతి లైను ఎదురుగా ‘పాలసీ ఇచ్చేది’, ‘ఇవ్వనిది’, ‘పరిమితి ఉన్నది’ అని మీరే రాయండి. గదికి రోజుకు పరిమితి ఎంత?

కాలర్: 2,500. బిల్లులో 3,000.

సలహాదారు: రోజుకు 500 పైన పడింది, నాలుగు రోజులకు 2,000. కోతలన్నీ కలిపితే 6,900. ఇది పూర్తిగా మీదే. 73,800లోంచి తీసేస్తే 66,900. మీ లేఖలో 10 శాతం దీని మీద వేశారు, 6,690. రెండూ కలిపి 13,590, అడ్వాన్సు పోగా 3,590. మిగిలిన 60,210 ఇన్సూరెన్స్ వాళ్ళది. అడ్వాన్సు అనేది ముందే కట్టిన డబ్బు, వాటా లెక్కలో దాన్ని కలపకండి. మీరు మొత్తం బిల్లు మీద 10 శాతం వేశారు, కోతలను వదిలేశారు.

కాలర్: అయితే వాళ్ళ లెక్క సరైనదేనా?

సలహాదారు: కూడిక సరైనదే. కానీ నాకొక అనుమానం ఉంది. వెనక్కిచ్చిన 1,850లో ఏమేం ఉన్నాయి?

కాలర్: ఇంజెక్షన్లు... గ్లోవ్స్ కూడా ఉన్నాయండి, 400.

సలహాదారు: చూశారా! 3,200 కోత వేసేటప్పుడు ఆ 400 తీసేశారా లేదా? మీ షీట్లో గ్లోవ్స్, మాస్కుల లైన్లు మాత్రమే కూడి చూడండి. రిటర్న్ తీసేయక ముందే 3,200 వస్తే, మీరు వెనక్కిచ్చేసిన వస్తువులకు కూడా కోత పడిందన్నమాట. అప్పుడు కోత 2,800 కావాలి.

కాలర్: అంటే 400 వెనక్కి వస్తుందా?

సలహాదారు: 360 వస్తుంది. ఆ 400 ఆమోదించిన మొత్తంలోకి వెళ్తే దాని మీద కూడా మీ 10 శాతం పడుతుంది కదమ్మా. రిటర్న్ రసీదు ఫొటో, ఆ లైన్ల జాబితా జతచేసి లేఖ సవరించమని రాయండి. రసీదు ఫొటో మడత లేకుండా, పేజీ మొత్తం పడేలా మళ్ళీ తీయండి.