ట్యూబా, ట్యూబ్‌లెస్సా? మేకు కన్నా ముందు రిమ్ సంగతి చూడండి

నమస్తే. ఈ గేజ్ చూడండి. మొన్న సాయంత్రం బైక్ ముందు టైరులో గాలి 25 పీఎస్ఐ పెట్టాను. నిన్న పొద్దున 22 ఉంది, ఇవాళ 19. ఎక్కడా మేకు లేదు, గాజు పెంకు లేదు. టైరు ట్యూబ్‌లెస్, కొని ఏడాది కూడా కాలేదు. "ట్యూబ్‌లెస్ వేయించుకుంటే పంచర్ టెన్షన్ ఉండదు" అని షాపులో చెప్పే మాట సగమే నిజం. మిగతా సగం ఈ చక్రంలో ఉంది.

ముందు ఆ నిజమైన సగం చూద్దాం. ట్యూబ్ టైరులో గాలిని పట్టి ఉంచేది లోపలున్న పల్చటి ట్యూబ్. అది బెలూన్‌లా సాగి ఉంటుంది కాబట్టి మేకు దిగితే చిల్లు పెద్దదవుతుంది. బయటికొచ్చిన గాలి ట్యూబ్‌కీ టైరుకీ మధ్య దూరి, స్పోకుల రంధ్రాల నుంచి, వాల్వ్ పక్క నుంచి పోతుంది. టైరు నిమిషాల్లో, ఒక్కోసారి క్షణాల్లో కూర్చుంటుంది. ట్యూబ్‌లెస్‌లో ఆ ట్యూబ్ పని టైరు లోపలి పొరే చేస్తుంది. మేకు దిగినా చుట్టూ ఉన్న మందపాటి రబ్బరు దాన్ని బిగించి పట్టుకుంటుంది. గాలి మెల్లగా, ఒక్కోసారి గంటల తరబడి దిగుతుంది.

ఎల్బీ నగర్ దాటి విజయవాడ హైవే ఎక్కాక ఈ తేడా విలువ తెలుస్తుంది. చౌటుప్పల్ దగ్గర 80లో వెళ్తున్నప్పుడు వెనక ట్యూబ్ ఒక్కసారిగా పోతే బండి తోక ఊపినట్టు ఊగుతుంది. నాకు ఒకసారి అలా అయింది. అప్పుడు వెనక బ్రేక్ తొక్కకూడదు. యాక్సిలరేటర్ మెల్లగా వదిలేసి, హ్యాండిల్ నిటారుగా పట్టుకుని, అవసరమైతే ముందు బ్రేక్ సున్నితంగా వేస్తూ ఎడమకి రావాలి. పోయింది ముందు టైరైతే ముందు బ్రేక్ ముట్టుకోకుండా వెనక బ్రేక్ వాడాలి. ట్యూబ్‌లెస్ అయితే చాలాసార్లు పరిస్థితి ఇంతదాకా రాదు. బండి కాస్త బరువుగా, మలుపులో బద్ధకంగా అనిపిస్తుంది. ఆగి చూస్తే మేకు కనిపిస్తుంది. అక్కడే పీకేయకండి, రిపేరు కిట్ చేతిలో లేకపోతే మేకే మీకు బిరడా. గాలి కొట్టించుకుని, మెల్లగా తర్వాతి షాపు దాకా వెళ్లండి.

ఇక సిటీ. మన రోడ్ల మీద టైరుని కొట్టేది మేకు ఒక్కటే కాదు. పైపు కోసం తవ్వి పూడ్చిన చోట అతుకు ఒక వాన పడేసరికి కుంగుతుంది. తారు మీద తారు వేసుకుంటూ పోయిన చోట మ్యాన్‌హోల్ మూత రోడ్డు కన్నా రెండు మూడు అంగుళాలు కిందికి దిగిపోతుంది. గుంటలో పడటం కన్నా బయటికి ఎక్కేటప్పుడు తగిలే పదునైన అంచే ప్రమాదం. అందులోనూ బ్రేక్ పట్టుకుని దిగితే బరువంతా ముందు చక్రం మీదే ఉంటుంది. టైరు నలిగి ఆ దెబ్బ నేరుగా రిమ్‌కి తగులుతుంది.

ట్యూబ్ బండికి ఇదే దెబ్బ తగిలితే, అందులోనూ గాలి తక్కువుంటే, ట్యూబ్ రిమ్‌కీ రోడ్డుకీ మధ్య నలిగి రెండు పక్కపక్క చీలికలు పడతాయి, పాము కాటులా. రిమ్ కాస్త వంగినా ట్యూబ్‌కి పట్టింపు లేదు, అతుకేసి వెళ్లిపోవచ్చు. ట్యూబ్‌లెస్‌కి మాత్రం రిమ్ అంచే మూత. టైరు అంచుని, మెకానిక్‌లు బీడింగ్ అంటారు, గాలి ఒత్తిడే రిమ్‌కి అదిమి పెట్టి ఉంచుతుంది. అక్కడ రిమ్ ఒకటి రెండు మిల్లీమీటర్లు వంగినా చాలు, రోజూ కొంచెం కొంచెం గాలి పోతుంది. పైకి మాత్రం టైరు కొత్తదానిలా ఉంటుంది.

ఇప్పుడు మన చక్రం చూద్దాం. సెంటర్ స్టాండ్ వేసి ముందు చక్రం లేపాను, గాలి మళ్లీ 25కి తెచ్చాను. మగ్గులో నీళ్లు, రెండు చుక్కల గిన్నెల లిక్విడ్, ఒక పాత బ్రష్. ముందు వాల్వ్ నోట్లో ఒక చుక్క. బుడగ లేదు, అంటే వాల్వ్ పిన్ బాగుంది. వాల్వ్‌ని అటూ ఇటూ మెల్లగా వంచి మొదట్లో పూశాను. అక్కడా లేదు. తర్వాత టైరు పట్టా అంతా తిప్పుతూ పూశాను, శుభ్రం. ఇక రిమ్‌కీ టైరుకీ మధ్య గీత, రెండు వైపులా. తొందరపడకండి, చిన్న లీకు బుడగ కట్టడానికి నిమిషం పట్టొచ్చు. ఇదిగో, కుడివైపు, సన్నటి నురుగు. తుడిచి వేలు పెట్టి చూస్తే రిమ్ అంచు లోపలికి నొక్కుకుంది. మొన్న ఉప్పల్ దగ్గర దబ్‌మన్న గుంత ఇదన్నమాట.

పంచర్ షాపులో వెంటనే వినిపించే సలహా: "అన్నా, ట్యూబ్ వేసేద్దాం, గాలి పోదు." గాలి పోదు, నిజమే. కానీ ఆ క్షణం నుంచి మీది ట్యూబ్ టైరే. మేకు దిగితే గాలి అదే వేగంతో పోతుంది. పైగా ట్యూబ్‌కీ టైరుకీ మధ్య రాపిడితో హైవే మీద వేడి ఎక్కువ. ఆఫీసుకి పోయొచ్చే నాలుగు రోజుల కోసం సరే, సూర్యాపేట దాటే ప్రయాణానికి వద్దు. నేను అల్లాయ్ రిమ్ బెండ్ తీసేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లాను. ముందు టైరు విప్పించి, వంగిన చోట లోపలా బయటా పగులు ఉందేమో చూపించుకున్నాను. చిన్న పగులు కనిపించినా వెల్డింగ్ పెట్టించకండి, రిమ్ మార్చాల్సిందే. నాది వంపు మాత్రమే కాబట్టి సరిచేశారు. టైరు ఎక్కించే ముందు రిమ్ అంచు మీద పేరుకున్న తుప్పూ పాత రబ్బరూ గీకించండి, దాని వల్ల కూడా లీకు వస్తుంది.

మేకు చిల్లులో రబ్బరు స్ట్రిప్ దూర్చి మూసే పని గురించి ఒక్క మాట. అది రోడ్డుకి తగిలే పట్టా భాగంలో చిన్న చిల్లుకే. టైరు పక్క గోడలో చిల్లు పడితే స్ట్రిప్ వేస్తామన్నా ఒప్పుకోవద్దు, అక్కడ టైరు ప్రతి చుట్టుకీ వంగుతుంది, స్ట్రిప్ నిలవదు. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. గాలి పూర్తిగా పోయిన ట్యూబ్‌లెస్ అంచు రిమ్ నుంచి ఊడితే చేతి పంపుతో మళ్లీ కూర్చోదు, కంప్రెసర్ కావాలి. ట్యూబ్‌కి ఆ బాధ లేదు, ఏ ఊళ్లోనైనా అతుకు పడుతుంది.

అల్లాయ్ బండి అయితే నా ఓటు ట్యూబ్‌లెస్‌కే, వారానికోసారి పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పుడు గేజ్ పెట్టే ఓపిక ఉంటే. స్పోకుల బండి అయితే ట్యూబ్‌లెస్ టైరు కొని లాభం లేదు, మామూలు స్పోక్ రిమ్‌లో స్పోకు రంధ్రాల నుంచి గాలి పోతుంది. కాబట్టి ట్యూబ్‌తోనే ఉండండి, హైవేకి ఒక కొత్త ట్యూబ్ సంచిలో పెట్టుకోండి. బయల్దేరే ముందు వాల్వ్ నిటారుగా ఉందో లేదో చూడండి. ఒక పక్కకి వాలి ఉంటే తక్కువ గాలితో టైరు రిమ్ మీద జారి ట్యూబ్‌ని లాగుతోందని అర్థం. ఆ వాల్వ్ మొదట్లో చిరిగితే ఏ అతుకూ పట్టదు, అప్పుడు సంచిలోని ట్యూబే దిక్కు.