పాత కారు అమ్మేటప్పుడు హ్యాండోవర్ షీట్ నింపడం ఎలా

నమస్కారం అండీ. బేరం కుదిరింది, కొన్నవాళ్లు బండి తీసుకెళ్లడానికి వస్తున్నారు. బండి అప్పగించే ముందు నింపాల్సిన షీట్ ఇది. స్క్రీన్ మీద కనిపిస్తోంది కదా, నాలుగే భాగాలు: కాగితాలు, తాళాలు, సామాన్లు, బండి పరిస్థితి. ఉదాహరణకి 68,412 కిలోమీటర్లు తిరిగిన చిన్న పెట్రోల్ కారు తీసుకుందాం.

ముందు పైన తేదీ, టైమ్, మీటర్ రీడింగ్. ఇక్కడ చిన్న షార్ట్‌కట్. ఈ ఎక్సెల్ షీట్‌లో ఒక సెల్ మీద క్లిక్ చేసి `Ctrl + ;` నొక్కితే ఇవాళ్టి తేదీ వస్తుంది. `Ctrl + Shift + ;` నొక్కితే టైమ్ పడుతుంది. చూశారా, వచ్చేసింది. తేదీ ఒక్కటే రాసి వదిలేయకండి, టైమ్ కూడా కావాలి. పొద్దున బండి మీ చేతిలో ఉంది, సాయంత్రం వాళ్ల చేతిలో ఉంది. అదే రోజు కెమెరాలో పడిన జరిమానా ఎవరిదో తేల్చేది ఆ టైమే.

కాగితాలు. రిజిస్ట్రేషన్ ఒరిజినల్, ఇన్సూరెన్స్, సర్వీస్ బుక్, లోన్ ఉండి తీర్చేస్తే బ్యాంకు ఇచ్చిన లెటర్. ఒరిజినల్ ఇచ్చారా, కాపీ ఇచ్చారా అన్నది పక్క కాలమ్‌లో రాయండి. అంతే, ముందుకెళ్దాం.

తాళాలు. 'రెండు తాళాలు ఇచ్చాను' అని రాస్తే సరిపోదండీ. ఒక్కో తాళంతో డోర్ తీసి, వేసి, ఇంజిన్ స్టార్ట్ చేసి వాళ్లకి చూపించండి. ఎందుకంటే చాలా కార్లలో తాళం లోపల చిన్న చిప్ ఉంటుంది. చిప్ లేని డూప్లికేట్ అయితే డోర్ తెరుచుకుంటుంది కానీ బండి స్టార్ట్ అవదు. మన షీట్‌లో చూడండి: 'మొదటి తాళం: రిమోట్, స్టార్ట్ రెండూ పనిచేస్తున్నాయి. రెండో తాళం: స్టార్ట్ అవుతోంది, రిమోట్ బ్యాటరీ అయిపోయింది.' ఇలా రాయాలి. తాళం నంబరున్న చిన్న బిళ్ల ఉంటే అదీ ఇవ్వండి, కొత్త తాళం చేయించుకోవాలంటే పనికొస్తుంది.

సామాన్లు. స్టెప్నీ, జాకీ, వీల్ స్పానర్, ఇవి అందరికీ తెలిసినవే. ఒక్కటి మాత్రం మర్చిపోకండి, ఇదిగో ఫొటోలో ఉన్న ఈ చిన్న ముక్క. చక్రాలకి లాక్ నట్లు ఉన్న బండైతే, ఆ నట్లు విప్పేది దీనితోనే. ఇది లేకపోతే పంక్చరైనా చక్రం ఊడదు. ఎక్కువగా డాష్‌బోర్డ్ అరలోనో, స్టెప్నీ కిందో ఉంటుంది. అలాగే డాష్‌క్యామ్ మెమరీ కార్డు తీసేయండి, బండి స్క్రీన్‌లో మీ ఫోన్ నంబర్లుంటే రీసెట్ చేయండి, ఫోన్ యాప్‌కి బండి కలిపి ఉంటే మీ అకౌంట్ నుంచి తీసేయండి. లేదంటే అమ్మేశాక కూడా బండి ఎక్కడుందో మీ ఫోన్‌లో కనిపిస్తూనే ఉంటుంది.

ఇప్పుడు అసలు సంగతి, బండి పరిస్థితి. ఇక్కడ కాస్త నెమ్మదిగా వెళ్దాం, నాకు ఒకసారి చిక్కొచ్చింది ఈ భాగంలోనే. కాగితం మీద 'కండిషన్ బాగుంది' అని ఉంది. కొన్నాయన కొన్నాళ్లకి ఫోన్ చేసి, ఈ గీత ముందే ఉందా అని అడిగారు. ఉందనడానికి గానీ, లేదనడానికి గానీ ఆ మాట పనికిరాలేదు. 'బాగుంది' అన్నది అభిప్రాయం. షీట్‌లో ఉండాల్సింది కంటికి కనపడింది, చేత్తో చూసింది.

అందుకే ఒక్కో వరుసలో మూడు రాయండి: ఎక్కడ, ఏముంది, ఎలా చూశాం. చూడండి, టైప్ చేస్తున్నాను. 'ఎడమ వెనుక డోర్, కింది అంచు. 12 సెంటీమీటర్ల గీత, పెయింట్ పోయింది, రేకు నొక్కుకోలేదు. పక్కన స్కేలు పెట్టి ఫొటో తీశాం.' తర్వాతది. 'రెండో గేరు. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు బిగుతుగా పడుతోంది, వేడెక్కాక మామూలే. ఇద్దరం కలిసి నడిపి చూశాం.' ఏసీ: 'పది నిమిషాలు వేసి చూశాం, చల్లగా వస్తోంది.' టైర్లకి పక్కగోడ మీద DOT అన్న అక్షరాల వరుస చివర నాలుగు అంకెలుంటాయి, 2321 అంటే 2021లో 23వ వారం తయారైందని. అది చూసి రాసేయండి.

చూడనిది ఉంటే 'చూడలేదు' అనే రాయండి. వాన లేదు, సన్‌రూఫ్ కారుతుందో లేదో తెలీదు, కాబట్టి 'సన్‌రూఫ్: నీళ్లు పోసి చూడలేదు.' ఖాళీగా వదిలితే బాగానే ఉందని చదువుకుంటారు. ఇంకోటి, మీకు తెలిసిన లోపాన్ని 'చూడలేదు' కింద దాచకండి. తెలిసింది తెలిసినట్టే రాయాలి, రిపేరు చేయించి ఉంటే బిల్లు జత చేయాలి.

ఇక రెండు ప్రింట్లు తీసి, ప్రతి పేజీ మీద ఇద్దరూ సంతకం పెట్టండి. మీటర్ రీడింగ్ కనపడేలా డాష్‌బోర్డ్ ఫొటో ఒకటి తీసి, అప్పుడే ఇద్దరి ఫోన్లలోకీ పంపండి. తాళాలు ఇచ్చేది ఆ తర్వాతే. ఇక బండి అమ్మినట్టు రిజిస్ట్రేషన్ ఆఫీసుకి తెలియజేసి, వాళ్లిచ్చే రసీదుని కూడా ఇదిగో, ఈ ఫోల్డర్‌లోనే పెట్టేయండి.