"డబ్బిచ్చి తిట్టించుకోవాలా?": జవాబు రాని ఓ బేకరీ ఉత్తరం మీద చర్చ

[స్టూడియో. బల్ల చుట్టూ నలుగురు. బల్ల మీద ప్రింటు తీసిన ఒక కాగితం.]

వ్యాఖ్యాత: నమస్కారం. ఈరోజు చర్చ ఒకే ఒక్క ఉత్తరం గురించి. ఒక బేకరీ యజమాని తమ ఊళ్లోనే ఉండే ఫుడ్ బ్లాగర్‌కి రాశారు. మా సరుకు పంపిస్తాం, డబ్బులూ ఇస్తాం, కలిసి పనిచేద్దాం అని. మూడు వారాలైనా జవాబు లేదు. ఆ యజమాని గారు మనతోనే ఉన్నారు. ఉత్తరం అందుకున్న బ్లాగర్ రాలేదు కానీ, ఇలాంటి ఉత్తరాలు తరచూ అందుకునే మరో బ్లాగర్ వచ్చారు. ప్రకటనల ఒప్పందాలు చూసే లాయర్ గారు కూడా ఉన్నారు. ముందు ఉత్తరం చదవండి సార్.

యజమాని: "మేడమ్, మీ బ్లాగు రెగ్యులర్‌గా చూస్తుంటాను, చాలా బాగుంటుంది. మా బేకరీలో కొత్తగా సోర్‌డో బ్రెడ్ మొదలుపెట్టాం. మీకు మా ప్రొడక్టులు పంపిస్తాం, తగిన పారితోషికం కూడా ఇస్తాం. ఒక మంచి రివ్యూ రాసి, పోస్ట్ చేసే ముందు మాకు చూపించగలరు. మా వెబ్‌సైట్ లింకు కూడా పెట్టగలరు. ఇద్దరికీ లాభంగా ఉంటుంది." అంతేనండి. ఇందులో తప్పేముందో ఇప్పటికీ అర్థం కాలేదు.

బ్లాగర్: మర్యాదలో తప్పేమీ లేదండి. నాకే వచ్చుంటే "మంచి రివ్యూ" దగ్గర చదవడం ఆపేసేదాన్ని. మీరు డబ్బిచ్చి నా పని కొంటున్నారా, నా మాట కొంటున్నారా? బ్రెడ్ ఇంకా నోట్లో పెట్టుకోకముందే అది బాగుందని రాయమన్నారు.

యజమాని: మరి డబ్బిచ్చి తిట్టించుకోవాలా మేడమ్?

[నవ్వులు]

బ్లాగర్: న్యాయమైన ప్రశ్నే. వద్దు, తిట్టించుకోవద్దు. దానికి దారి "మంచి రివ్యూ రాయండి" అనడం కాదు. రివ్యూ అన్న మాటే తీసేయండి. రివ్యూ అంటే నేను నా డబ్బుతో కొనుక్కుని తిని చెప్పేది. మీరు డబ్బిస్తే అది స్పాన్సర్డ్ పోస్ట్. అందులో మీ బ్రెడ్ ఎలా తయారవుతుందో చూపిస్తాను, దాంతో నేనేం చేసుకున్నానో చూపిస్తాను. ముందు రుచి చూస్తాను. నచ్చకపోతే ఒప్పుకోను, మీకే ఫోన్ చేసి ఎందుకో చెప్తాను. బయట రాయను. ఈ ముక్క ఉత్తరంలో మీరే రాస్తే నాకు సగం టెన్షన్ పోతుంది.

యజమాని: అంటే మొదట ఊరికే పంపాలి, ఒప్పందం ఆ తర్వాత.

బ్లాగర్: అంతే. ఒక లోఫ్ పంపండి. "ఇది రుచి చూడటానికే, దీనికి మీరేమీ రాయనక్కర్లేదు" అని తేటగా రాయండి.

లాయర్: ఇక్కడో చిన్న మెలిక ఉంది. ఆ ఉచిత లోఫ్ గురించి ఆవిడ తర్వాత తనంతట తానే ఏదైనా పోస్ట్ చేసినా, ఉచితంగా వచ్చిందని చెప్పాలి. డబ్బు ఒక్కటే లెక్కలోకి వస్తుందని చాలామంది అనుకుంటారు. చాలా దేశాల నిబంధనల్లో ఉచిత సరుకు, డిస్కౌంటు, చుట్టరికం కూడా చెప్పాల్సిన సంబంధాలే. చెప్పేది కూడా చదివేవాళ్లకి మొదట్లోనే కనబడాలి. ముప్పై హ్యాష్‌ట్యాగుల చివర దాచేస్తే చెప్పినట్టు కాదు.

యజమాని: అది ఆవిడ బాధ్యత కదా, నా ఉత్తరానికేం సంబంధం?

లాయర్: చాలాచోట్ల ఇద్దరినీ అడుగుతారు సార్. ప్రకటన మీది. అందుకే ఉత్తరంలో మీరే రాయాలి: "ఇది పెయిడ్ పార్ట్‌నర్‌షిప్ అని పోస్ట్ మొదట్లోనే చెప్పండి" అని. ఒక్క వాక్యం. దాంతో మీరు దొంగచాటు ప్రచారం అడగడం లేదని ఆవిడకీ తెలుస్తుంది.

వ్యాఖ్యాత: లింకు సంగతి? అదీ అడిగారు కదా.

యజమాని: గూగుల్‌లో పైకి వస్తామని మా అబ్బాయి చెప్పాడు.

బ్లాగర్: డబ్బిచ్చి పెట్టించిన లింకుతో ర్యాంకు పెంచుకోవడాన్ని గూగుల్ స్పామ్ కింద లెక్కేస్తుందండి. 2019లో ఇలాంటి లింకుల కోసమే ఒక గుర్తు తెచ్చారు. నేను లింకు ఇలా పెడతాను.

[తెరపై]

```
<a href="https://example.com" rel="sponsored">బేకరీ</a>
```

బ్లాగర్: పాఠకులు నొక్కితే మీ సైటుకి మామూలుగానే వెళ్తారు. ర్యాంకు కోసం అయితే దాని మీద ఆశ పెట్టుకోవద్దు. ఆ గుర్తు లేని లింకు కావాలని అడిగితే మాత్రం నేను ఒప్పుకోను.

వ్యాఖ్యాత: సరుకు పంపడం గురించి ఉత్తరంలో ఒక్క ముక్కే ఉంది, "ప్రొడక్టులు పంపిస్తాం" అని. అది సరిపోతుందా?

బ్లాగర్: సరిపోదు. ఏవి, ఎన్ని, ఎప్పుడు? ఒకసారి ఒక బేకరీ నుంచి సాయంత్రం ఏడింటికి పెద్ద పెట్టె దిగింది. ఇంట్లో వెలుతురు లేదు. పొద్దున తీద్దామంటే క్రస్ట్ మెత్తబడిపోయింది. ఆ ఫొటోలు చూసి వాళ్లే బాధపడ్డారు.

యజమాని: ప్లాస్టిక్ కవర్లో పెట్టుంటారు. లోపలున్న తేమ బయటికి పోలేక క్రస్ట్‌లోకి ఎక్కుతుంది, రబ్బరులా సాగుతుంది. కాగితం సంచిలో పెట్టాలి. అలాగని ఫ్రిజ్‌లో పెట్టకూడదు, అక్కడ బ్రెడ్ బయటకంటే త్వరగా గట్టిపడుతుంది. వేడిగా ఉన్నప్పుడు కోసినా చెడుతుంది, లోపల జిగటగా ముద్దకట్టినట్టు కనిపిస్తుంది. పెద్ద లోఫ్ అయితే కనీసం రెండు గంటలు చల్లారనివ్వాలి. క్రొయిసాంట్ అయితే ఆ పూటే తినాలి. సోర్‌డో రుచి మర్నాటికీ బాగుంటుంది కానీ, కరకరలాడేది మాత్రం మొదటి రోజే.

వ్యాఖ్యాత: ఇదంతా ఉత్తరంలో ఎందుకు రాయలేదండీ?

యజమాని: ఇది మా రోజువారీ పనేగా. ఇదీ రాయాలనిపించలేదు.

బ్లాగర్: ఇది రాసి ఉంటే నేను వెంటనే జవాబిచ్చేదాన్ని. "తెల్లవారుజామున కాలుస్తాం, చల్లారాక కాగితం సంచిలో ఉదయం పదింటికి మీకు చేరుస్తాం" అంటే, నాకు కిటికీ వెలుతురు ఉండగానే బ్రెడ్ చేతిలో ఉంటుంది. రెండు లోఫ్‌లు పంపండి. ఒకటి కోసి ఫొటో తీయడానికి, ఒకటి మొత్తంగా తీయడానికి. ఏ పిండి వాడారు, పాలు, గుడ్లు, గింజలు ఉన్నాయా, అదే గదిలో గింజలు వాడతారా, ఇవన్నీ రాసివ్వండి. పాఠకులు మొదట అడిగేవి ఇవే. నేను ఊహించి చెప్పకూడదు.

వ్యాఖ్యాత: ఇక డబ్బు. "తగిన పారితోషికం".

బ్లాగర్: ఆ మాట చూస్తే చేతికేమీ రాదేమో అనిపిస్తుంది. అంకె రాయండి. తక్కువైతే ఎంత పెంచాలో నేను చెప్తాను. అంకే లేకపోతే నాలుగు ఉత్తరాలు అటూ ఇటూ తిరుగుతాయి. ఇంకోటి, బ్రెడ్ విలువను ఫీజులో కలపొద్దు. బ్రెడ్ నాకు పనిముట్టు. ఫొటోగ్రాఫర్‌కి పెళ్లి భోజనం పెట్టి ఫీజులో తగ్గించుకోం కదా.

యజమాని: సరే. మొత్తం వంద వంతులు అనుకుందాం. ముందే వంద ఇచ్చేసి, ఆవిడ పోస్ట్ చేయకపోతే?

లాయర్: నేనైతే ఒప్పుకున్న రోజు నలభై, పోస్ట్ అయిన ఏడు రోజుల్లోపు అరవై అని రాస్తాను. ఆ అరవై దేని మీద ఆధారపడిందో చూడండి. పోస్ట్ వచ్చిందా లేదా, అంతే. మీకు నచ్చిందా లేదా, ఎంతమంది చూశారు, ఎన్ని బ్రెడ్లు అమ్ముడుపోయాయి, ఇవేవీ షరతులు కాకూడదు. పని మధ్యలో మీరే ఆపేస్తే ఆ నలభై తిరిగి అడగనని కూడా రాయండి. ఆవిడ ఫొటోలు తీసేశాక బేకరీ మనసు మార్చుకున్న గొడవలు నా దగ్గరికి వచ్చాయి.

యజమాని: ముందుగా చూపించడం? అదీ అడగకూడదా?

బ్లాగర్: అడగండి, దేనికో చెప్పి అడగండి. ధర, షాపు తెరిచే వేళ, పదార్థాలు, పేరు స్పెల్లింగు, ఇవి తప్పుంటే దిద్దండి. ఒక్కసారే, రెండు రోజుల్లో. "క్రస్ట్ కొంచెం గట్టిగా ఉంది, సూప్‌లో ముంచుకుంటే బాగుంది" అని నేను రాస్తే అందులో చెయ్యి పెట్టకూడదు.

యజమాని: గట్టిగా ఉందంటే కొంతమంది రారేమో.

బ్లాగర్: మెత్తటి శాండ్‌విచ్ బ్రెడ్ కోసం వచ్చేవాళ్లు రారు. వాళ్లు వచ్చి కొనుక్కెళ్లినా రెండోసారి రారు కదా.

[యజమాని కాసేపు మాట్లాడలేదు]

యజమాని: అది నిజమే. మొన్న ఇద్దరు బ్రెడ్ తిరిగి తెచ్చారు, పళ్లు నొప్పెడుతున్నాయని.

వ్యాఖ్యాత: ఫొటోలు ఎవరివి?

లాయర్: అది దేశాన్ని బట్టి, మీ ఒప్పందాన్ని బట్టి ఉంటుంది సార్. చాలా దేశాల్లో తీసినవాళ్లవే, మన దేశంలో మాత్రం వేరే ఒప్పందం లేకపోతే డబ్బిచ్చి తీయించుకున్నవాళ్లవి కావచ్చు, అందుకే గొడవ రాకుండా ముందే రాసుకోవాలి. పోస్టును షేర్ చేసుకోవడం వేరు, ఆ ఫొటోను మీ పెట్టెల మీద ముద్రించడం వేరు, దాంతో పెయిడ్ యాడ్ నడపడం వేరు. ఏది కావాలో, ఎన్నాళ్లకో రాసి, దానికి వేరే ఫీజు చూపించండి. మూడు నెలలు మీ సోషల్ మీడియా పేజీల్లో వాడుకోవడం అయితే సులభంగానే ఒప్పుకుంటారు. "ఎప్పటికీ, ఎక్కడైనా" అని రాస్తే సహజంగానే ఆగిపోతారు.

బ్లాగర్: నెలరోజులు వేరే బేకరీతో పనిచేయొద్దు అన్నా అంతే. అడగొచ్చు, దానికీ ఫీజు ఉంటుంది.

యజమాని: నాదీ ఒక ప్రశ్న మేడమ్. మీకు లక్షమంది ఫాలోవర్లున్నారు అనుకోండి. నా బ్రెడ్ కొనడానికి వచ్చేవాళ్లు అరగంట దూరంలో ఉండాలి. వాళ్లెందరో నాకెలా తెలుస్తుంది?

బ్లాగర్: ఉత్తరంలో అడగాల్సిన అసలు ప్రశ్న ఇదే. ఇన్‌స్టాగ్రామ్ ఇన్‌సైట్స్‌లో ఫాలోవర్లు ఏ ఊళ్ల వాళ్లో కనబడుతుంది. దాని స్క్రీన్‌షాట్ పంపమనండి. ఐదు వేలమందే ఉండి అందులో ఎక్కువమంది మీ ఊరివాళ్లయితే మీకు అదే మేలు. స్క్రీన్‌షాట్ ఇవ్వడానికి వెనకాడేవాళ్లని వదిలేయండి.

వ్యాఖ్యాత: బ్రేక్‌లో యజమాని గారు ఉత్తరం తిరగరాశారు. చదవండి సార్.

యజమాని: "మేడమ్, ఇంట్లో ఓవెన్ లేనివాళ్ల కోసం మీరు పెనం మీద చేసిన టోస్ట్ పోస్ట్ చూశాక మీకు రాయాలనిపించింది. మేం కొత్తగా సోర్‌డో చేస్తున్నాం. క్రస్ట్ గట్టిగా ఉంటుంది, కొంచెం పులుపు. మీకు వీలైన ఉదయం పదింటికి ఒక లోఫ్ పంపుతాం, రుచి చూడటానికే. దానికి ఏమీ రాయనక్కర్లేదు. నచ్చితే ఒక పోస్ట్, ఒక చిన్న వీడియో చేయమని కోరిక. ఫీజు ఈ కింద రాశాను, బ్రెడ్ ఖర్చు అందులో లేదు. నలభై శాతం ముందు, మిగతాది పోస్ట్ అయిన వారంలోపు. ఇది పెయిడ్ అని మొదట్లోనే చెప్పండి. మీ అభిప్రాయం మీదే, పదార్థాలు, ధర, వేళలు మాత్రం ఒకసారి సరిచూస్తాం. ఫొటోలు మూడు నెలలు మా పేజీలో వాడుకోవడానికి వేరే ఫీజు ఇస్తాం. మీ ఫాలోవర్లలో మన ఊరివాళ్లెందరో చెప్పగలరా? పదార్థాల జాబితా జత చేశాను."

బ్లాగర్: మొదటి వాక్యం బాగుంది. నిజంగా చూసి రాశారని తెలుస్తోంది.

లాయర్: ఎప్పటిలోగా జవాబు కావాలో రాయలేదు సార్.

యజమాని: అవునండోయ్. వచ్చే శుక్రవారం అని రాస్తాను. [కాగితం మీద రాసుకుంటూ] మేడమ్, ఇది ఆ బ్లాగర్ గారికే మళ్లీ పంపొచ్చంటారా?

బ్లాగర్: పంపండి. పాత ఉత్తరం సంగతి మాత్రం ఎత్తకండి.