ఫుడ్ టూర్ వీడియోకు తీసిన చోటు, తీసిన తేదీ సరిగ్గా నింపడం ఎలా?

నమస్కారం. వీధుల్లో దొరికే టిఫిన్ల మీద వీడియోలు తీసి యూట్యూబ్‌లో పెట్టేవారి కోసం ఈ పాఠం. వీడియోను ఎక్కడ తీశారు, ఏ రోజున తీశారు అని యూట్యూబ్ స్టూడియోలో రెండు గడులు ఉంటాయి. దగ్గర్లో ఏం దొరుకుతుందని వెతికేవారికి తప్పుడు సమాచారం చేరకుండా ఆ రెండింటినీ ఎలా నింపాలో చూద్దాం. ఉదాహరణకు విజయవాడలో తీసిన ఒక ఉదయపు టూర్ వీడియోను తీసుకున్నాను. గాంధీనగర్‌లో ఇంకా చీకటి ఉండగానే ఇడ్లీతో మొదలై, గవర్నర్‌పేట మీదుగా నడిచి, బీసెంట్ రోడ్డులో పునుగుల బండి దగ్గర ఇది ముగుస్తుంది.

ముందుగా స్టూడియో తెరవండి. Content నొక్కండి, మన వీడియో పక్కన ఉన్న పెన్సిల్ గుర్తు నొక్కండి, కిందికి జరిపి Show more నొక్కండి. ఇంకొంచెం కిందికి రండి. ఇదిగో, Recording date and location. మనకు కావలసినవి ఈ రెండు గడులే.

మొదట చోటు సంగతి చూద్దాం. ఈ గడిలో Gandhinagar అని మాత్రమే టైప్ చేస్తే జాబితాలో గుజరాత్ రాజధాని కనిపించవచ్చు. పైన కనిపించిన పేరును చూడకుండా నొక్కితే, మన ఇడ్లీ గుజరాత్‌కు వెళ్లిపోతుంది. అందువల్ల పేటతో పాటు ఊరి పేరు, రాష్ట్రం పేరు కూడా టైప్ చేయండి. ఇలా, Gandhi Nagar, Vijayawada, Andhra Pradesh. జాబితాలో వచ్చిన పేరు పక్కన ఉన్న ఊరిని, రాష్ట్రాన్ని చదివిన తర్వాతే నొక్కండి. రామ్‌నగర్, అశోక్‌నగర్ వంటి పేర్లు ఎన్నో ఊళ్లలో ఉన్నాయి కాబట్టి, వాటి విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం.

ఈ గడి ఒక్క చోటునే తీసుకుంటుంది, మన టూర్‌లో మూడు చోట్లు ఉన్నాయి. మూడూ నడిచి వెళ్లేంత దూరంలోనే ఉన్నాయి కాబట్టి, వీడియోలో ఎక్కువ భాగం ఎక్కడ సాగిందో ఆ పేటను ఎంచుకోవడం నాకు సరైనదిగా అనిపిస్తుంది. అదే టూర్ విజయవాడలో మొదలై గుంటూరులో ముగిసి ఉంటే, దానిని రెండు వీడియోలుగా విడదీయమని చెబుతాను. ఇంకొక మాట. తోపుడు బండికి మ్యాప్‌లో పేరు లేదని, దాని పక్కనే ఉన్న పేరున్న హోటల్‌ను చోటుగా పెట్టకండి. ఆ బండి కోసం వచ్చినవారు హోటల్‌లోకి వెళ్తారు, అది ఇద్దరికీ అన్యాయం. పేట పేరు చాలు.

ఏ పేటలో తీశామో గుర్తులేనప్పుడు వీడియోనే అడగండి. దుకాణాల బోర్డుల కింద చిరునామా ఉంటుంది, అక్కడ వీడియోను ఆపి చదవండి. ఫోన్‌తో తీసినవారు కెమెరా సెట్టింగుల్లో లొకేషన్ ట్యాగ్ ముందే ఆన్ చేసి ఉంటే, ఒరిజినల్ క్లిప్‌ను గూగుల్ ఫొటోస్‌లో తెరిచి పైకి జరపండి, మ్యాప్‌తో పాటు తేదీ కూడా కనిపిస్తుంది. నాకు అన్నిటికంటే ఇష్టమైన దగ్గరి దారి ఇదే. అయితే వాట్సాప్‌లో వీడియోగా పంపించుకున్న క్లిప్‌లో ఆ వివరాలు సాధారణంగా మిగలవు, అందుకని ఫోన్‌లో ఉన్న అసలు ఫైల్‌నే చూడండి.

ఇప్పుడు తేదీ. దీని దగ్గర కాస్త నిదానిద్దాం, ఎందుకంటే చూడడానికి సులువుగా ఉన్నా చాలామంది తడబడేది ఇక్కడే.

ఎడిటింగ్ పూర్తయి బయటికి వచ్చిన ఫైల్‌లో ఉండేది సాధారణంగా దానిని ఎక్స్‌పోర్ట్ చేసిన తేదీ, తీసిన తేదీ కాదు. విండోస్‌లో Date created అని కనిపించేది కూడా ఆ ఫైల్‌ను ఈ కంప్యూటర్‌లోకి కాపీ చేసిన తేదీ కావచ్చు. కాబట్టి ఆ రెండింటినీ పక్కన పెట్టి, ఒరిజినల్ క్లిప్‌లోని Media created చూడండి. ఫైల్‌లో దాగి ఉన్న వివరాలను చూపించే ఎక్సిఫ్‌టూల్ అలవాటున్నవారు ఈ ఆదేశం ఇవ్వండి.

```
exiftool -CreateDate clip01.mp4
```

తెర మీద ఏం వచ్చిందో చూడండి. 2025:01:11 23:35:00. అంటే జనవరి 11 రాత్రి 11 గంటల 35 నిమిషాలు. కానీ మనం తీసింది తెల్లవారుజామున కదా! ఇక్కడ తప్పు ఏమీ లేదు. ఫోన్లు ఎంపీ4 ఫైల్‌లో సమయాన్ని సాధారణంగా యూటీసీలో, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయంలో రాస్తాయి, మన సమయం దానికంటే ఐదున్నర గంటలు ముందుంటుంది. 23:35కు ఐదున్నర గంటలు కలిపితే మర్నాడు ఉదయం 5 గంటల 5 నిమిషాలు అవుతుంది. కాబట్టి గడిలో పెట్టవలసింది జనవరి 12, అది ఆదివారం. మన దగ్గర అర్ధరాత్రి నుంచి ఉదయం ఐదున్నర లోపు తీసిన ప్రతి క్లిప్‌కూ ఈ ఆదేశంతో చూస్తే తేదీ ఇలా ఒక రోజు వెనక్కి కనిపిస్తుంది. రాత్రి పొద్దుపోయాక తిరిగే టూర్లకూ, తెల్లవారకముందు మొదలయ్యే టిఫిన్ టూర్లకూ ఇది తప్పదు. ఆ లెక్కను ఎక్సిఫ్‌టూల్ చేతనే చేయించాలంటే ఈ మాట చేర్చండి, కంప్యూటర్‌లో భారతీయ సమయం ఉంటే సరైన తేదీయే వస్తుంది.

```
exiftool -api QuickTimeUTC -CreateDate clip01.mp4
```

అయితే కొన్ని కెమెరాలు యూటీసీ రాయకుండా, తమ గడియారంలో ఉన్న సమయాన్నే ఫైల్‌లో రాసేస్తాయి. అటువంటి క్లిప్‌కు ఈ ఆదేశం ఇస్తే ఐదున్నర గంటలు అదనంగా కలుస్తాయి. దీనిని పట్టుకోవడానికి వీడియోలోని వెలుతురు చూడండి. పొద్దు పొడవకముందు ఇడ్లీ పాత్ర మూత తీసిన దృశ్యానికి 10 గంటల 35 నిమిషాలు అని వస్తే, ఆ కెమెరా స్థానిక సమయమే రాస్తోందని అర్థం. వెనుక గోడ గడియారం, ఫోన్ తెర, బిల్లు మీద ముద్రించిన సమయం, వీటిలో ఏది కనిపించినా దానితో సరిచూసుకోండి. ఒకే టూర్‌లో ఫోన్, కెమెరా రెండూ వాడితే, రెండింటినుంచీ ఒక్కో క్లిప్ విడిగా చూడండి.

టూర్ రెండు రోజులు సాగి ఉంటే, ఎక్కువ భాగం తీసిన రోజును గడిలో పెట్టి, రెండో రోజును వివరణలో రాయండి. అప్‌లోడ్ చేసిన రోజును మాత్రం పెట్టవద్దు. పునుగుల ప్లేటు ధర ఏ నెలనాటిదో తెలుసుకోవాలని చూసేవారికి ఆ తేదీయే ఆధారం.

ఈ రెండు గడులు నింపినంత మాత్రాన వీడియో వెతుకులాటలో పైకి వస్తుందని అనుకోకండి. దగ్గర్లో వెతికేవారు పేట పేరు, వంటకం పేరు టైప్ చేస్తారు, కాబట్టి ఆ మాటలు శీర్షికలోనూ వివరణలోనూ ఉండాలి. గడిలో పట్టని మిగిలిన చోట్లను వివరణలో చాప్టర్లుగా రాయండి. మొదటిది 00:00 తో మొదలు కావాలి, కనీసం మూడు ఉండాలి, ఒక్కొక్కటి 10 సెకన్లకు తగ్గకూడదు.

```
00:00 గాంధీనగర్: ఇడ్లీ, కారప్పొడి
06:10 గవర్నర్‌పేట: పెసరట్టు ఉప్మా
12:40 బీసెంట్ రోడ్డు: పునుగులు
```

ఇప్పుడు Save నొక్కండి. పేజీని మళ్లీ తెరిచి, రెండు గడులూ నిలిచాయో లేదో, చోటు పేరులో విజయవాడ ఉందో లేదో ఒకసారి చదవండి. పాత వీడియోలకూ ఇదే పద్ధతి. ఒరిజినల్ క్లిప్‌లు పోయి, వీడియోలో కూడా ఏ ఆధారమూ దొరకకపోతే, తేదీ గడిని ఖాళీగానే ఉంచండి. ఊహించి రాసిన తేదీని నమ్మి, ఆ ధరకే టిఫిన్ దొరుకుతుందని ఎవరో ఒకరు అంత దూరం వస్తారు.