రాత్రి 11:42కు కలిసింది ఎవరు? రిమోట్ సెషన్ల నమోదుపై చర్చా కార్యక్రమం

సంచాలకురాలు: నమస్కారం. ఒక చిన్న సంస్థలో సరఫరాదారు బ్యాంకు ఖాతా సంఖ్యను రాత్రివేళ ఎవరో మార్చారు. మరుసటి చెల్లింపు వేరొకరి ఖాతాకు చేరింది. ఇకపై ఎవరైనా దూరం నుంచి కార్యాలయ కంప్యూటర్‌కు కలిసే ప్రతి రిమోట్ సెషన్‌నూ వీడియోగా రికార్డు చేస్తామని యజమాని ప్రకటించగానే సిబ్బంది, బయటి సాంకేతిక నిపుణుడు అభ్యంతరం తెలిపారు. రికార్డింగ్ అంటే నిఘా కాదా అన్నదే ఈనాటి ప్రశ్న. భద్రతా సలహాదారు గారు, మీరు ప్రారంభించండి.

భద్రతా సలహాదారు: నిఘా అన్న మాట ఇక్కడ తగదు. ఆ రాత్రి తెర రికార్డయి ఉంటే, ఖాతా సంఖ్య గడిలో పాత అంకెలు చెరిగి కొత్త అంకెలు పడటం యజమాని కళ్లారా చూసేవారు. కంప్యూటర్ తనంతట తానే రాసుకునే లాగ్ ఎవరు వచ్చారో మాత్రమే చెబుతుంది, ఏం చేశారో చెప్పదు. అందుకే వీడియో తప్పనిసరి అంటున్నాను.

సిస్టమ్స్ నిర్వాహకురాలు: ఆ ఉదంతంలో ఎవరు వచ్చారన్నదే తేలలేదు కదా సార్. ముందు అది చూద్దాం. ఆ సంస్థలో విండోస్ కంప్యూటర్‌కు రిమోట్ డెస్క్‌టాప్ ద్వారా కలుస్తారు. సెక్యూరిటీ లాగ్‌లో 4624 అనే సంఖ్యతో విజయవంతమైన లాగిన్‌లు నమోదవుతాయి. వాటిలో లాగిన్ రకం 10 అంటే రిమోట్ డెస్క్‌టాప్ అని అర్థం. ఆ ఒక్క రకాన్నే వెతికి, రాత్రి ఎవరూ రాలేదని వారు తేల్చారు. అక్కడే పొరపాటు జరిగింది, ఎందుకంటే...

భద్రతా సలహాదారు: (అడ్డుపడుతూ) చూశారా, లాగ్‌ను చదవడానికే నిపుణులు కావాలి! వీడియోను ఎవరైనా చూడగలరు.

సంచాలకురాలు: కానీ ఆ వీడియోలో ఉద్యోగి వ్యక్తిగత ఉత్తరం కనిపిస్తే అది నిఘా అవుతుంది కదా?

న్యాయవాది: సెషన్ మొదలయ్యే ముందే తెరపై స్పష్టమైన ప్రకటన ఉండాలి, ఒప్పందంలోనూ రాసి ఉండాలి. చెప్పి రికార్డు చేయడానికీ, చెప్పకుండా చేయడానికీ చాలా తేడా ఉంది. అయితే నిర్వాహకురాలి మాట పూర్తి కానివ్వండి.

సిస్టమ్స్ నిర్వాహకురాలు: ధన్యవాదాలు. సాయంత్రం 6:10కు ఒకరు కలిసి పనిచేసి, 6:40కు లాగ్ ఆఫ్ చేయకుండా తెరపై రిమోట్ డెస్క్‌టాప్ కిటికీని మూసేశారు. అప్పుడు సెషన్ ముగిసిపోదు, లోపల తెరిచే ఉంటుంది. రాత్రి 11:42కు మరో ఐపీ చిరునామా నుంచి అదే సెషన్‌కు తిరిగి కలిశారు. అలా తిరిగి కలిసినప్పుడు సెక్యూరిటీ లాగ్‌లో లాగిన్ రకం సాధారణంగా 10గా కాక 7గా కనిపిస్తుంది. అందుకే వారి వెతుకులాటకు అది చిక్కలేదు. అయితే రిమోట్ డెస్క్‌టాప్ సెషన్లను నడిపే టెర్మినల్ సర్వీసెస్‌కు వేరే లాగ్ ఉంది. అందులో కొత్త సెషన్‌కు 21, తెగిపోతే 24, తిరిగి కలిస్తే 25, లాగ్ ఆఫ్‌కు 23 అని నమోదవుతుంది. తెరపై ఉన్న ఆజ్ఞను నిర్వాహక హక్కులతో నడిపితే అన్నీ వరుసగా కనిపిస్తాయి.

```
Get-WinEvent -FilterHashtable @{
  LogName='Microsoft-Windows-TerminalServices-LocalSessionManager/Operational'
  Id=21,23,24,25 }
```

భద్రతా సలహాదారు: సరే, 25 కనిపించింది. అందులో పేరేమిటి?

సిస్టమ్స్ నిర్వాహకురాలు: అడ్మిన్.

భద్రతా సలహాదారు: అదే నేను చెబుతున్నది! సాంకేతిక నిపుణుడు, గణకుడు, యజమాని ముగ్గురూ ఆ పేరుతోనే లోపలికి వస్తారు. అప్పుడు మీ లాగ్ వల్ల ప్రయోజనమేమిటి? వీడియో ఉంటే...

సిస్టమ్స్ నిర్వాహకురాలు: వీడియోలో మనిషి ముఖం కనిపించదు సార్, మౌస్ గురుతు మాత్రమే కనిపిస్తుంది. ముగ్గురూ ఒకే పేరు వాడితే వీడియోలో కూడా ఆ ముగ్గురిలో ఎవరో తెలియదు. ఒక్కొక్కరికి ఒక్కో ఖాతా ఇవ్వడమే మొదటి పని. అది లేకుండా మీరు పెట్టే ప్రతి రికార్డింగూ పేరులేని సాక్ష్యమే.

న్యాయవాది: చిరునామా కూడా మనిషిని నిరూపించదు. ఒకే కార్యాలయం నుంచి లేదా ఒకే వీపీఎన్ నుంచి పదిమంది వచ్చినా బయటికి ఒకే చిరునామా కనిపించవచ్చు. విచారణలో ఎదుటి పక్షం మొదట అడిగేది అదే.

సంచాలకురాలు: మళ్లీ నా ప్రశ్నకే వస్తాను. ఉద్యోగి నమ్మకం సంగతేమిటి? రోజంతా కెమెరా ముందు కూర్చున్నట్టు ఉండదా?

భద్రతా సలహాదారు: నమ్మకం అని కూర్చున్నందుకే డబ్బు పోయింది, మేడమ్. రిమోట్ సెషన్ తెరవగానే రికార్డింగ్ తనంతట తానే మొదలవ్వాలి, ఆపే అవకాశం ఎవరికీ ఉండకూడదు. నేను ఇంతకుముందు చెప్పాను, మళ్లీ చెబుతున్నాను, లాగ్ తలుపు తట్టిన సమయం చెబుతుంది, వీడియో లోపల జరిగింది చెబుతుంది.

న్యాయవాది: అయితే అందులో చెల్లింపు కార్డుల సంఖ్యలు కనిపిస్తే ఏం చేస్తారు? కార్డు చెల్లింపుల భద్రతా ప్రమాణం ప్రకారం, చెల్లింపుకు అనుమతి లభించాక కార్డు వెనుక ఉండే ధ్రువీకరణ సంఖ్యను దాచి ఉంచకూడదు. మీ వీడియో దాన్ని తెలియకుండానే దాచేస్తుంది. అదే ప్రమాణం ఆడిట్ లాగ్‌లను మాత్రం కనీసం 12 నెలలు ఉంచమంటుంది, వాటిలో చివరి 3 నెలలవి వెంటనే చూడగలిగేలా ఉండాలంటుంది. లాగ్‌ను, వీడియోను ఒకే గాటన కట్టి ఒకే గడువు పెట్టడం సరికాదు.

సిస్టమ్స్ నిర్వాహకురాలు: ఆ 12 నెలలు మాటలతో రావు. మామూలు విండోస్ కంప్యూటర్‌లో సెక్యూరిటీ లాగ్ పరిమాణం అప్రమేయంగా 20 మెగాబైట్లు. నిండగానే పాతవాటి మీద కొత్తవి రాసుకుంటుంది. పని ఎక్కువగా ఉండే యంత్రంలో అది కొద్ది రోజులకే నిండుతుంది. డబ్బు పోయిన సంగతి వారాల తర్వాత బయటపడితే ఆనాటి నమోదులు ఉండవు. కాబట్టి పరిమాణం పెంచాలి, ప్రతిరోజూ లాగ్‌ను మరో యంత్రానికి పంపాలి. ఆ రెండో యంత్రంలో చెరిపే హక్కు సాంకేతిక నిపుణుడికి ఉండకూడదు. ఎవరైనా సెక్యూరిటీ లాగ్‌ను ఖాళీ చేస్తే 1102 అనే నమోదు మిగులుతుంది. అది కనిపిస్తే వెంటనే విచారించాలి.

భద్రతా సలహాదారు: (గొంతు పెంచి) చిన్న సంస్థలో ఈ పనులన్నీ ఎవరు చేస్తారు? ఇద్దరు గుమాస్తాలు, ఒక యజమాని ఉండే చోట 25, 1102 అంటూ రోజూ వెతికేవారెవరు? రికార్డింగ్ అయితే ఒక్కసారి అమరిస్తే చాలు!

సిస్టమ్స్ నిర్వాహకురాలు: అమర్చిన ఫైలు ఎక్కడ పడుతుందో చూశారా? కొన్ని రిమోట్ ఉపకరణాల్లో రికార్డింగ్ కలిసే వ్యక్తి కంప్యూటర్‌లోనే నిల్వవుతుంది. అంటే ఎవరిని అనుమానిస్తున్నామో సాక్ష్యం వారి చేతిలోనే ఉంటుంది.

సంచాలకురాలు: నిఘా చేసేవారినే ఎవరు చూస్తారన్నట్టుంది. ఇది నాకు నచ్చిన కోణం. దీనిపై...

భద్రతా సలహాదారు: మేడమ్, అది కేవలం అమరికల విషయం! సంస్థ సర్వర్‌లో పడేలా అమర్చుకోవచ్చు. అసలు విషయానికి రండి.

సిస్టమ్స్ నిర్వాహకురాలు: అసలు విషయం ఇదే సార్. తెగిపోయిన సెషన్ కొన్ని నిమిషాల తర్వాత తనంతట తానే ముగిసేలా విధానం పెట్టి ఉంటే, 11:42కు వచ్చినవారికి తెరిచి ఉన్న లెక్కల పుస్తకం దొరికేది కాదు, కొత్తగా లాగిన్ అయి 21 అనే నమోదును మిగిల్చేవారు. ఇంకొకటి, వేరే రిమోట్ ఉపకరణం కూడా వాడుతుంటే దాని లాగ్‌లో సమయం యూటీసీ అనే ప్రపంచ ప్రామాణిక సమయంలో ఉండవచ్చు. దాన్ని స్థానిక సమయంగా చదివితే నిర్దోషి దోషిగా...

భద్రతా సలహాదారు: గడియారాల గురించి మాట్లాడుతుంటే డబ్బు తిరిగి రాదు! ఈ రాత్రే అన్ని రిమోట్ సెషన్లకూ రికార్డింగ్ పెట్టమని యజమానులందరికీ చెబుతున్నాను.

సంచాలకురాలు: ఈ చర్చలో రికార్డింగ్ వైపే బలంగా వాదన వినిపించింది. సమయం దాదాపు అయిపోయింది.

న్యాయవాది: ఒక్క మాట. ఆ వీడియోలను ఎవరు చూడవచ్చో, ఎప్పుడు చెరుపుతారో సలహాదారు గారు ఇప్పటికీ చెప్పలేదు.

భద్రతా సలహాదారు: యజమాని చూస్తారు!

సిస్టమ్స్ నిర్వాహకురాలు: ఆ యజమాని కూడా అడ్మిన్ పేరుతోనే లోపలికి వస్తారు సార్.

సంచాలకురాలు: క్షమించండి, ఇక్కడితో ఆపక తప్పదు. పాల్గొన్న వారందరికీ ధన్యవాదాలు. నమస్కారం.